అటకెక్కించిన బొమ్మను దించి ఇవ్వండి

ప్రశ్న: "మాది కావలి దగ్గర. మా బాబుకి అయిదేళ్లు నిండాయి, యూకేజీ. ఎప్పుడూ వాళ్ల అక్క బొమ్మతోనే ఆడతాడు. దానికి జడ వేస్తాడు, టవల్ తలకు చుట్టుకుని నాకూ జడ ఉంది అంటాడు. కార్లు కొనిస్తే ముట్టుకోడు. పోయిన వారం మా ఆయన కోపంతో బొమ్మను అటక మీద పడేశారు. ఇప్పుడే దండించకపోతే రేపు తేడాగా తయారవుతాడని మా అత్తగారు అంటున్నారు. హార్మోన్ టెస్ట్ చేయించాలా? ఎలా మాన్పించాలి? నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు."

ముందు సూటిగా చెప్తానమ్మా. టెస్టులు ఏవీ అక్కర్లేదు. మాన్పించే పని పెట్టుకోవద్దు. బొమ్మను దించి వాడికి ఇచ్చేయండి. అయిదేళ్ల పిల్లాడు బొమ్మకు జడ వేయడం జబ్బు కాదు, రాబోయే జబ్బుకు గుర్తూ కాదు. మీ ఇంట్లో సరిచేసుకోవాల్సింది మాత్రం ఒకటుంది. పోయిన వారం నుంచి మీ అందరి ముఖాల్లో వాడు చూస్తున్న కంగారు.

నేను నెల్లూరులో క్లినికల్ సైకాలజిస్టుని. పందొమ్మిదేళ్లుగా ఎక్కువగా పిల్లలనే చూస్తున్నాను. కావలి, కందుకూరు, ఒంగోలు, పొదిలి వైపు నుంచి వచ్చే కుటుంబాల్లో ఈ బాధతో వచ్చేవాళ్లు తక్కువేం కాదు. చాలామంది నేరుగా ఇది చెప్పరు. చదువులో వెనకబడ్డాడనో, అన్నం తినడం లేదనో మొదలుపెడతారు. పిల్లాడిని బయట కూర్చోబెట్టాక గొంతు తగ్గించి అసలు సంగతి చెప్తారు.

ఒక పని చేయండి. మీ వాడి పుట్టువెంట్రుకలు తీయించక ముందు తీసిన ఫొటోలు చూడండి. మన వైపు చాలా ఇళ్లలో ఏడాది పిల్లాడికి జుట్టు తీయించే ముందు చిన్న పూలజడ వేసి, బొట్టు, కాటుక పెట్టి, పట్టులంగా కట్టి ఫొటో తీయిస్తారు. అది ఫ్రేము కట్టించి హాల్లో పెడతారు. ఇంటికొచ్చిన వాళ్లందరూ "ఎంత ముద్దొస్తున్నాడో" అంటారు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే పిల్లాడు అదే జడ తనంతట తను అడిగితే చెయ్యి లేస్తుంది. మధ్యలో పిల్లాడు మారలేదు. నేను ఎందరో అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ ఫొటో గుర్తు చేశాను. ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండిపోతారు.

అయిదేళ్ల బుర్రకు "ఆడపిల్లవైపోతావ్" అన్న మాట ఎలా వినిపిస్తుందంటే

రెండున్నర, మూడేళ్లకల్లా పిల్లలు తాము అబ్బాయో అమ్మాయో చెప్పేస్తారు. కానీ అది ఎప్పటికీ అలాగే ఉంటుందని, బట్టలు మార్చుకున్నా జుట్టు పెంచుకున్నా మారదని గట్టిగా అర్థమయ్యేది ఆరు, ఏడేళ్ల వయసులో. ఈ మధ్యలో ఉన్న పిల్లాడిని "జడ వేసుకుంటే ఆడపిల్లవైపోతావ్" అని బెదిరిస్తే అది వాడికి బెదిరింపుగా వినిపించదు, నిజంగా వినిపిస్తుంది. నా దగ్గరికొచ్చిన ఒక అయిదేళ్ల బాబు రోజూ స్నానం చేసేటప్పుడు కిందికి చూసుకుని "ఇంకా ఉందా అమ్మా" అని అడిగేవాడు. తల్లికి అర్థం కాక తీసుకొచ్చింది. వాళ్ల మేనమామ నవ్వులాటకు అన్న మాట అది. అన్న వాడు మరిచిపోయాడు, పిల్లాడు నెల రోజులు భయపడ్డాడు. మీ ఇంట్లో ఈ మాట ఎవరైనా అని ఉంటే ఇవాళే వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని, "బొమ్మతో ఆడితే ఎవరూ మారిపోరు నాన్నా, ఏమీ అవ్వదు" అని చెప్పండి.

ఇంకొక సంగతి. ఇది అబ్బాయిల ఆట, అది అమ్మాయిల ఆట అని పిల్లలు అన్నిటికంటే కచ్చితంగా గీతలు గీసేది కూడా అయిదు, ఆరేళ్ల వయసులోనే. అప్పుడే నేర్చుకున్న నియమం కాబట్టి ఎదుటివాడు తప్పితే ఊరుకోరు. ఎనిమిదేళ్లు వచ్చేసరికి చాలామందిలో ఆ పట్టు సడలుతుంది. మీ వాడిని యూకేజీ పిల్లలు ఏడిపిస్తున్నారంటే అందులో సగం వాళ్ల వయసు పని.

హార్మోన్ పరీక్ష ఎందుకు వద్దంటున్నానంటే

మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ పెరిగేది యుక్తవయసు మొదలయ్యాక. అయిదేళ్లప్పుడు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ అది చాలా తక్కువగానే ఉంటుంది. మీ వాడికి రక్తం తీస్తే "తక్కువ" అనే వస్తుంది. పక్కింటి క్రికెట్ పిల్లాడికి తీసినా అదే వస్తుంది. ఆ కాగితం పట్టుకుని మీరు ఇంకో నాలుగు నెలలు తిరుగుతారు. పుట్టినప్పుడు జననాంగాల దగ్గర డాక్టరు ఏదైనా అనుమానం చెప్పి ఉంటేనో, ఈ వయసులోనే గొంతు మారడం, వెంట్రుకలు రావడం లాంటివి కనిపిస్తేనో పిల్లల డాక్టరుకు చూపించాలి. బొమ్మ కోసం మాత్రం సూది పొడిపించకండి.

పెంపకం వల్ల ఇలా అయ్యాడా అని కూడా అడుగుతారు. ఇంట్లో అంతా ఆడవాళ్లే కాబట్టి, తండ్రి చెరువుల దగ్గరే ఉంటాడు కాబట్టి, అక్క తర్వాత పుట్టాడు కాబట్టి అని ఎన్నో కారణాలు వింటూ ఉంటాను. తండ్రి గల్ఫ్‌లో ఉండి, నలుగురు ఆడవాళ్ల మధ్య పెరుగుతూ రోజంతా ట్రాక్టరు నడిపే ఆటే ఆడే పిల్లలూ నా దగ్గరికి వస్తారు. తండ్రి ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండే పిల్లాడు బొమ్మకు గోరింటాకు పెడతాడు. ఇష్టాలు ఎలా ఏర్పడతాయో చెప్పే ఒక్క కారణం లేదు. మీరు చేసిన తప్పు అంతకంటే లేదు.

"తేడాగా తయారవుతాడా" అన్న దానికి నిజాయితీగా జవాబు

అయిదేళ్ల పిల్లాడి ఆట చూసి వాడు పాతికేళ్లకు ఏమవుతాడో నేను చెప్పలేను. ఎవరైనా చెప్తాననే వారిని నమ్మకండి. ఇలాంటి పిల్లల్లో చాలామంది ఆటలు మారి మామూలుగా పెద్దవాళ్లవుతారు. కొందరికి పెద్దయ్యాక మగవాళ్ల మీదే ఇష్టం కలుగుతుంది. కొద్దిమంది తాము లోపల అమ్మాయినే అని చెప్తారు. ఈ మూడింట్లో ఏదీ జబ్బు కాదు. స్వలింగ ఆకర్షణ మానసిక వ్యాధి కాదని మన దేశంలోని మానసిక వైద్యుల సంఘమే 2018లో చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను గుర్తించాలని సుప్రీంకోర్టు 2014లోనే తీర్పిచ్చింది.

దండిస్తే ఈ మూడు దారుల్లో ఏదీ మారదు. మారేది ఒక్కటే. రేపు వాడికి ఏదైనా కష్టం వస్తే మీతో చెప్తాడా, చెప్పడా అన్నది. అత్తగారు అన్న "తేడా" అనే మాట వాడి ఎదుట పడకుండా చూడమని అడిగేది కూడా ఇందుకే. కొత్త షాపు తెరిస్తే హిజ్రాలు వచ్చి దీవిస్తే మంచిదని డబ్బులిస్తాం, ఇంటికొచ్చి వాళ్ల పేరు చెప్పి పిల్లలను భయపెడతాం. ఒకవేళ మీ వాడే ఆ కొద్దిమందిలో ఒకడైతే, తనలాంటి వాళ్లు అసహ్యమైన వాళ్లని సొంత ఇంట్లోనే నేర్చుకుని పెరుగుతాడు. కాకపోతే, అవతలివాళ్లను అసహ్యించుకోవడం నేర్చుకుంటాడు.

బొమ్మ లాగేసుకుంటే ఏమవుతుందో నేను చూసిన ఒక కేసు

కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి చెప్తున్నాను. కందుకూరు వైపు ఒక పల్లె. తండ్రికి రొయ్యల చెరువులు. పిల్లాడికి ఆరేళ్లు. తీసుకొచ్చింది బొమ్మల గురించి కాదు, పక్క తడుపుతున్నాడని. నాలుగేళ్లకే ఆ అలవాటు పోయింది, రెండేళ్ల తర్వాత మళ్లీ మొదలైంది. దాంతోపాటు స్కూలు టైముకి కడుపునొప్పి. ఆగిపోయిన పక్క తడపడం మళ్లీ మొదలైతే ముందు మూత్ర పరీక్ష చేయించాలి. ఇన్ఫెక్షనో షుగరో ఉండొచ్చు. అక్కడే పిల్లల డాక్టరుతో చేయించాం, ఏమీ లేదు.

అప్పుడు తల్లిని మళ్లీ అడిగాను, ఇది మొదలైన నెలలో ఇంట్లో ఏం జరిగిందని. చాలాసేపటికి చెప్పింది. పిల్లాడు ఆడుకునే ప్లాస్టిక్ బొమ్మను తండ్రి వాడి కళ్ల ముందే పొయ్యిలో పెట్టాడు. ఆ తర్వాత బొమ్మ మాటే ఎత్తలేదు కాబట్టి మానేశాడనుకున్నారు.

మానలేదు. కొన్నాళ్లకు బియ్యం డబ్బా వెనక తల్లికి ఒక ఉదయగిరి చెక్క గరిటె దొరికింది. దానికి కర్చీఫు చీరలా చుట్టి ఉంది. గరిటె బుర్ర మీద స్కెచ్ పెన్నుతో రెండు కళ్లు, మధ్యలో బొట్టు. కింద మడతపెట్టిన పాత బనీను, అది పరుపు. "ఇదేంట్రా" అంటే "నాది కాదు, నాకు తెలీదు" అని ముఖం పాలిపోయి నిలబడ్డాడట. ఆమె ఆ గరిటెను సంచిలో పెట్టుకుని తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

ఆట ఆగలేదు, దాక్కుంది. ఆటతో పాటు అబద్ధం, భయం, రాత్రిపూట తడిసే పక్క వచ్చాయి. మాన్పించాలని చూసిన ఇళ్లలో నేను చూసేది దాదాపు ఇదే. బొమ్మ పోతే బెండకాయ బొమ్మవుతుంది, స్పూను బొమ్మవుతుంది, చివరికి సొంత బొటనవేళ్లు బొమ్మలవుతాయి.

ఆ పిల్లాడిని నా గదిలో ఆడుకోనిచ్చి చూశాను. బొమ్మకు స్నానం పోసి, తుడిచి, పౌడరు రాసి, జోకొట్టి పడుకోబెడతాడు. మళ్లీ లేపుతాడు, మళ్లీ స్నానం. అంతకు ఏడాది ముందు ఆ ఇంట్లో చెల్లెలు పుట్టింది. ఇంట్లో జరిగే పెద్ద పని ఏదో పిల్లాడు దాన్నే ఆడుతున్నాడు. ప్రతి బొమ్మాటకూ ఇలాంటి కారణం ఉంటుందని నేను అనను, ఊరికే ఇష్టం అయి ఉండొచ్చు కూడా. కానీ పెద్దవాళ్లు "బొమ్మ" అన్న దగ్గరే ఆగిపోతారు, బొమ్మతో ఏం చేస్తున్నాడో చూడరు. మీ వాడు ఏం చేస్తున్నాడో ఒక పావుగంట గమ్మునుండి చూడండి.

మేం చేసింది మూడే పనులు. గరిటెను తల్లి కడిగి, కర్చీఫు ఉతికి, అల్మారాలో అందరికీ కనిపించే చోట పెట్టి "ఇది నీదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో" అంది. పక్క తడిపితే తిట్టకుండా దుప్పటి మార్చారు. మూడోది తండ్రి పని, అదే అసలు మందు, కింద చెప్తాను. అయిదో వారానికి పక్క తడపడం బాగా తగ్గింది, మూడో నెలకు ఆగింది. సంక్రాంతికి వచ్చిన చిన్నాన్న "ఇంకా ఆ ఆడంగి ఆటలేనా" అన్న రాత్రి మళ్లీ ఒకసారి తడిపాడు.

ఇప్పుడు వాడు కాలేజీలో ఉన్నాడు. తర్వాత "ఎలా" అయ్యాడు అని ఈ కేసు చెప్పినప్పుడల్లా అడుగుతారు. ఆ జవాబు నేను ఎవరికీ చెప్పను. వాడు ఎలా అయినా ఆ వైద్యం సరైనదే కాబట్టి. వాడు వాళ్ల నాన్నతో బండి మీద కూర్చుని కబుర్లు చెప్తూ వెళ్లడం నేను చూశాను. నాకు కావాల్సింది అదే.

తండ్రి చేయాల్సిన పని

మీ ఆయన చేత ఇది చదివించండి. వారంలో అయిదు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు. ఫోను ఇంకో గదిలో పెట్టాలి. నేల మీద పిల్లాడి ఎత్తులో కూర్చోవాలి. ఆట ఏదో పిల్లాడే ఎంచుకుంటాడు. నాన్న నేర్పకూడదు, సరిదిద్దకూడదు, "ఇదేంటి, అదెందుకు" అని ప్రశ్నలు వేయకూడదు. కళ్లకు కనిపించేది చెప్తే చాలు. "పాపకు స్నానం పోస్తున్నావు. ఓహో, జుట్టు తడిసింది. ఇప్పుడు తుడుస్తున్నావు." అంతే. పిల్లాడు ఏదైనా పాత్ర ఇస్తే, అంటే "నువ్వు డాక్టరువి, సూది వెయ్యి" అంటే, వేయాలి.

మొదటి వారం మీ ఆయనకు చాలా ఇబ్బందిగా ఉంటుంది. అది తప్పు కాదు. చిన్నప్పుడు తను బొమ్మ ముట్టుకుంటే ఎవరో చెయ్యి విరిచి ఉంటారు. నా ముందు కూర్చుని ఏడ్చిన తండ్రులు ఉన్నారు. పిల్లాడి మీద కోపం కాదు అది, వాడిని లోకం కొడుతుందనే భయం. ఆ భయంతోనే లోకం కంటే ముందు తనే కొడతాడు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. పదిహేను నిమిషాలు అయ్యాక "సరే, నీ ఆట ఆడాను కదా, ఇప్పుడు బాల్ ఆడదాం రా" అంటారు. నాన్న తనతో ఆడింది ఇష్టంతో కాదు, బేరంతో అని పిల్లాడికి వెంటనే తెలిసిపోతుంది. మీరు కార్లను, బాల్‌ను పారేయక్కర్లేదు. అన్నీ ఒకే బుట్టలో బొమ్మతో పాటు ఉండనివ్వండి. తోయకండి.

పని చేస్తోందని ఎలా తెలుస్తుందంటే, రెండు మూడు వారాల్లో పిల్లాడు నాన్న బండి చప్పుడు వినగానే బొమ్మను దాచడం మానేస్తాడు. కొందరు బొమ్మతో సహా గుమ్మం దాకా పరిగెత్తుకొస్తారు.

అత్తగారి సంగతి. ఆవిడతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీ ఆయన. కోడలు చెప్తే అది కోడలి మాట అవుతుంది. కొడుకు చెప్తే ఇంటి మాట అవుతుంది. బొమ్మ మంచిదా చెడ్డదా అని వాదన పెట్టుకోవద్దు, తెగదు. "అమ్మా, వాడి ఆటల సంగతి నేను చూసుకుంటాను. వాడి ముందు ఆ మాట మాత్రం అనొద్దు, చెయ్యి చేసుకోవద్దు" అని రెండు ముక్కలు. ఆవిడ మనసు మారాలని చూడకండి, మాట ఆగితే చాలు. మనసు తర్వాత మారుతుంది, మారకపోయినా సరే.

"ఇంట్లో ఆడుకో, బయట వద్దు" అని చెప్పొచ్చా?

మీరు అడగలేదు కానీ వచ్చే నెల ఈ ప్రశ్న మీకు తప్పదు. పెళ్లికో, స్కూలుకో బొమ్మ తీసుకెళ్తానంటాడు. చాలామంది తల్లిదండ్రులు రాజీగా ఈ మాట చెప్తారు. ఇందులో పిల్లాడికి వినిపించేది "ఇది సిగ్గుపడాల్సిన పని" అని. కానీ ఏమీ చెప్పకుండా పంపించి నలుగురిలో నవ్వులపాలు చేయడం కూడా న్యాయం కాదు.

నేను చెప్పించేది ఇలా ఉంటుంది. "నీ బొమ్మ నాకు ఇష్టమే. ఇందులో తప్పేం లేదు. కొంతమందికి మాత్రం అబ్బాయిలు కూడా బొమ్మలతో ఆడతారని తెలీదు, వాళ్లు నవ్వొచ్చు. తీసుకెళ్తావా, ఇంట్లో పెట్టి వద్దామా? తీసుకెళ్తే నేను నీ పక్కనే ఉంటా." తప్పు ఎవరిదో ముందే తేల్చేశారు, నిర్ణయం వాడికి వదిలేశారు. చాలామంది పిల్లలు ఇంట్లోనే పెడతామంటారు. కొందరు జేబులో పట్టేంత చిన్న బొమ్మ ఎంచుకుంటారు. తీసుకెళ్లి, ఎవరైనా నవ్వి, వాడు ఏడ్చుకుంటూ వస్తే "నేను ముందే చెప్పానా" అనకండి. "వాళ్లు అలా అనడం బాగోలేదు" అనండి.

వాడి నోటికి కూడా ఒక వాక్యం నేర్పండి. పొడవుగా వద్దు. "నాకు ఇష్టం, అందుకే ఆడతాను." అద్దం ముందు నాలుగైదుసార్లు అనిపించండి, మీరే ఏడిపించే పిల్లాడి వేషం వేసి ప్రాక్టీస్ చేయించండి. ఆ మాట అని, అక్కడ నిలబడకుండా టీచరు దగ్గరికో ఫ్రెండు దగ్గరికో వెళ్లిపోవాలి.

స్కూలు విషయంలో నా అనుభవంలో పిల్లలు ఎక్కువ మాటలు పడేది క్లాసులో కాదు. ఆటోలో, బాత్రూమ్ దగ్గర. స్కూలు ఆటోలో అయిదేళ్ల వాడి పక్కన పదమూడేళ్ల వాళ్లు ఇరుక్కుని కూర్చుంటారు, చూసే పెద్దవాళ్లు ఉండరు. మీరు గమనించాల్సింది ఏంటంటే, వాటర్ బాటిల్ నిండుగా తిరిగొస్తుందా? రాగానే చెప్పులు కూడా విప్పకుండా బాత్రూమ్‌కి పరిగెడుతున్నాడా? అంటే స్కూల్లో నీళ్లు తాగడం మానేసి, మూత్రం ఆపుకుంటున్నాడన్నమాట. అప్పుడు "ఎవరైనా ఏడిపిస్తున్నారా" అని అడిగితే లేదనే అంటాడు. "ఆటోలో నువ్వు ఎక్కడ కూర్చుంటావ్? నీ పక్కన ఎవరు?" అని అడగండి. పేర్లు వాటంతట అవే వస్తాయి. ఆటో అన్నతో మాట్లాడి ముందు సీటు దగ్గర, తన వయసు పిల్లల పక్కన కూర్చోబెట్టించండి. టీచరుతో పెద్ద కథ చెప్పక్కర్లేదు. "మా వాడిని ఆడపిల్ల అని పిలిస్తే మీరు ఆపండి మేడమ్" అని అడిగితే చాలు.

ఫ్రాకు వద్దనే ఆడపిల్లల గురించి కొంచెం

ఇది చదివే వాళ్లలో ఆ తల్లులు కూడా ఉంటారు కాబట్టి చెప్తున్నాను. నాలుగైదేళ్ల పాప ఫ్రాకు అనగానే ఏడుస్తుంటే ముందు ఆ ఫ్రాకును మీ చెంపకు రుద్దుకుని చూడండి. నెట్ గుడ్డ, లోపల గరుకు లైనింగు, మెడ వెనక గుచ్చుకునే లేబులు, బిగుతు చంకలు. మన నెల్లూరు ఎండల్లో అది శిక్షే. మెత్తటి కాటన్ ఫ్రాకు ఇస్తే వేసుకుంటే అది గుడ్డ గొడవ. కాటన్ కూడా వద్దంటే అది ఇష్టం. రెండింటికీ మందు ఒకటే, నిక్కరు, టీషర్టు. పెళ్లికి పట్టులంగా తప్పదనుకుంటే అదే పట్టుగుడ్డతో కుర్తా, పైజామా కుట్టించొచ్చు. దర్జీ ఎవరైనా కుడతాడు.

ఆడపిల్లల విషయంలో ఇబ్బంది ఆలస్యంగా మొదలవుతుంది. తొమ్మిదేళ్ల దాకా "మా మగరాయుడు" అని మురిసిపోయిన తండ్రే, పదకొండో ఏట సైకిల్ తాళం దాచేస్తాడు. ఓణీల ఫంక్షన్ దగ్గరకొచ్చేసరికి ఇల్లు యుద్ధం. అలాంటప్పుడు ఆ ఫంక్షన్ అసలు ఆ పిల్లకు కావాలా అని ఒక్కసారి ఆమెనే అడగండి.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మొదటి నుంచీ ఫ్రాకు వద్దనే పాప వేరు, నిన్నటిదాకా ఇష్టంగా వేసుకుని ఉన్నట్టుండి మానేసిన పాప వేరు. హఠాత్తుగా మానేసి, దాంతోపాటు స్నానానికి భయపడడం, ఒకరింటికి వెళ్లనని మొండికేయడం, నిద్రలో ఉలిక్కిపడడం ఉంటే ఎవరైనా ఏమైనా అన్నారా, తాకారా అని నెమ్మదిగా తెలుసుకోవాలి. ఇది మగపిల్లలకూ వర్తిస్తుంది. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

మా లాంటి వాళ్ల దగ్గరికి ఎప్పుడు రావాలి

ఆట కోసం, బట్టల కోసం రానక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వ్యాధుల వర్గీకరణ 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. పిల్లల ఆటలు, ఇష్టాలు వేరుగా ఉన్నాయన్న ఒక్క కారణంతో ఏ ముద్రా వేయకూడదని అందులో స్పష్టంగా రాశారు. పిల్లాడు "నాకు జడ కావాలి" అనడం ఒకటి, "నేను అబ్బాయిని కాను, నన్ను అలా పిలవొద్దు" అని నెలల తరబడి, ఆటలో కాకుండా మామూలుగా, ఏడుస్తూ చెప్పడం ఇంకొకటి. అలా చెప్తున్నా, తన శరీరాన్ని చూసి అసహ్యపడుతున్నా, కత్తిరించేసుకుంటానంటున్నా, తిండి నిద్ర తగ్గినా, చచ్చిపోతానన్నా రండి. అప్పుడు కూడా మేం చేసేది పిల్లాడి బాధ తగ్గించడం, వాడు చెప్పేది వినడం. పిల్లాడిని మార్చడం కాదు.

ఎవరైనా "పది సిట్టింగుల్లో మగపిల్లాడిలా మార్చేస్తా" అంటే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి. ఒకరి ఇష్టాన్ని, గుర్తింపును మారుస్తామనే అలాంటి చికిత్సను డాక్టర్లు చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. మీకే నిద్ర పట్టడం లేదన్నారు కదా, టెలీ మానస్ నంబరు 14416. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. మీ కోసం చేయండి.

ఇక అటక మీది బొమ్మ. దాన్ని మీరు దించొద్దు. పడేసిన చేతులే దించాలి. మీ ఆయన స్టూలు వేసుకుని, పిల్లాడు చూస్తుండగా దించి, దుమ్ము తుడిచి ఇవ్వాలి. "నాకు కోపం వచ్చి పెట్టేశాను. అలా చేసి ఉండాల్సింది కాదు. ఇది నీది" అని ఈ మూడు ముక్కలు చాలు. అక్క బొమ్మ అంటున్నారు కాబట్టి అక్కను కూడా అడిగి, వీలైతే వాడికంటూ ఒకటి కొనివ్వండి. వెంటనే తీసుకోకపోవచ్చు. నాన్న ముఖం వైపు చూసి చేతులు వెనక్కి పెట్టుకోవచ్చు. అప్పుడు బలవంతంగా చేతిలో పెట్టొద్దు. మంచం మీద, వాడి దిండు పక్కన పెట్టి, లైటు తీసేసి వచ్చేయమనండి. పొద్దున్నే చూడండి ఎక్కడుందో.